ఫోన్‌లోకి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించే ముందు, ఎక్కించిన తర్వాత

ఫోన్‌కు వచ్చే అప్‌డేట్లలో చిన్నవీ ఉంటాయి, పెద్దవీ ఉంటాయి. నెలకో, కొన్ని నెలలకో వచ్చే భద్రతా ప్యాచ్ చిన్నది. అది లోపలి లొసుగులను పూడుస్తుంది, పైకి పెద్దగా మార్పేమీ కనిపించదు. ఆండ్రాయిడ్ 13 నుంచి 14కు, 14 నుంచి 15కు తీసుకెళ్లేది పెద్దది. అది ఫోన్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చేస్తుంది. బ్యాటరీ, స్టోరేజీ, బ్యాకప్ గురించి ముందుగా చూసుకోవాల్సింది ఎక్కువగా ఈ పెద్దదానికే.

జాగ్రత్తలు ఎందుకో అర్థం కావాలంటే, అప్‌డేట్ జరిగేటప్పుడు ఫోన్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. పాత పద్ధతిలో ఫోన్ ముందు ఫైలు మొత్తాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, రీస్టార్ట్ అయి, రికవరీ అనే ప్రత్యేక స్థితిలోకి వెళ్తుంది. అక్కడ పాత సిస్టమ్ మీదే కొత్తదాన్ని రాస్తుంది. సగం రాశాక ఛార్జింగ్ అయిపోతే పాతదీ పూర్తిగా ఉండదు, కొత్తదీ పూర్తిగా ఉండదు. ఫోన్ మళ్లీ ఆన్ కాకపోయే ప్రమాదం ఉండేది ఇక్కడే. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో గూగుల్ రెండు అరల పద్ధతిని తెచ్చింది. ఒక అరలోని సిస్టమ్‌తో ఫోన్ మామూలుగా పనిచేస్తూ ఉంటుంది, కొత్త సిస్టమ్ రెండో అరలోకి చేరుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు ఫోన్ కొత్త అర నుంచి లేస్తుంది, లేవలేకపోతే తనంతట తానే పాత అరకు తిరిగి వెళ్తుంది. 2020లో ఆండ్రాయిడ్ 11తో ఈ పద్ధతిలో మరో మార్పు వచ్చింది. రెండో అర కోసం శాశ్వతంగా చోటు పట్టి ఉంచకుండా, అవసరమైనప్పుడు ఫోన్‌లోని ఖాళీ స్టోరేజీని తాత్కాలికంగా వాడుకోవడం మొదలైంది.

చేతిలో ఉన్న ఫోన్ ఏ పద్ధతిదో గుర్తుపట్టడం కష్టం కాదు. డౌన్‌లోడ్ అయ్యాక కూడా ఫోన్ వాడుకోనిస్తూ, వెనక ఇన్‌స్టాల్ చేసుకుంటూ, చివర్లో రీస్టార్ట్ మాత్రం అడిగితే అది రెండు అరల ఫోన్. డౌన్‌లోడ్ కాగానే ఆగిపోయి, నల్లటి తెర మీద శాతాలు చూపిస్తూ చాలాసేపు చేతికి రాకుండా ఉంటే అది పాత పద్ధతి. పేరున్న కంపెనీల ఫోన్లు కూడా చాలాకాలం ఈ పాత పద్ధతిలోనే వచ్చాయి. అందువల్ల ఫోన్ కొత్తదే కదా అని బ్యాటరీ సంగతి వదిలేయకూడదు.

ఛార్జింగ్ ఒక స్థాయికి తగ్గితే చాలా ఫోన్లు అసలు ఇన్‌స్టాల్ మొదలుపెట్టవు. ఆ స్థాయి కంపెనీని బట్టి మారుతుంది. కనీసం 50 శాతం ఉంచుకుని, ఛార్జర్ కూడా తగిలించి మొదలుపెట్టడం ఏ ఫోన్‌కైనా సరిపోతుంది. మూడు నాలుగేళ్లు వాడిన ఫోన్ విషయంలో మాత్రం తెర మీది శాతాన్ని పూర్తిగా నమ్మలేం. అరిగిన బ్యాటరీ 30 శాతం చూపిస్తూనే, ప్రాసెసర్ మీద భారం పడగానే ఒక్కసారిగా ఆగిపోవచ్చు. అప్‌డేట్ అచ్చంగా అలాంటి భారమే. వీడియో కాల్ మధ్యలోనో, కెమెరా తెరవగానో అప్పుడప్పుడు ఆఫ్ అయిపోయే ఫోన్‌కు అప్‌డేట్ ఆసాంతం ఛార్జర్ ఉండి తీరాలి, వీలైతే ముందే బ్యాటరీ మార్పించడం ఇంకా మేలు. మధ్యలో కరెంటు పోయినా, బ్యాటరీలో సగం ఛార్జింగ్ ఉన్న ఫోన్‌కు ఇబ్బంది ఉండదు. అప్‌డేట్ సమయంలో ఫోన్ వేడెక్కుతుంది కాబట్టి కవర్ తీసి, గాలి తగిలేచోట పెట్టాలి. పరుపు మీద, దిండు కింద పెడితే వేడి బయటికి పోదు.

ఎక్కువమంది ఆగిపోయేది స్టోరేజీ దగ్గర. అప్‌డేట్ తెర మీద కనిపించే సైజు డౌన్‌లోడ్ ఫైలుది మాత్రమే. దాన్ని విప్పడానికి, కొత్త సిస్టమ్‌ను తాత్కాలికంగా ఉంచడానికి, తర్వాత యాప్‌లను కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు సిద్ధం చేసుకోవడానికి ఇంకా చోటు కావాలి. డౌన్‌లోడ్ సైజుకు కనీసం రెండింతలు ఖాళీ ఉంటే నిశ్చింత.

ఒక 64 జీబీ ఫోన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సెట్టింగ్స్‌లో స్టోరేజీ తెరిస్తే సిస్టమ్‌కు 19 జీబీ, యాప్‌లకు 18, ఫొటోలు వీడియోలకు 22, మిగతావాటికి 3.2 జీబీ కనిపిస్తాయి. ఖాళీ 1.8 జీబీ. వచ్చిన అప్‌డేట్ 2.3 జీబీ. అంటే అటూ ఇటూగా 5 జీబీ ఖాళీ కావాలి. ముందుగా గ్యాలరీలో అక్కర్లేని పెళ్లి వీడియోలు ఏరి 2 జీబీ డిలీట్ చేస్తే, ఖాళీ మాత్రం 1.8 దగ్గరే ఉంటుంది. డిలీట్ చేసినవి చాలా ఫోన్లలో 30 రోజులపాటు గ్యాలరీలోని చెత్తబుట్టలో అలాగే ఉంటాయి. ఆ బుట్టను కూడా ఖాళీ చేస్తేనే 3.8 అవుతుంది. తర్వాత వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే, పదేపదే ఫార్వర్డ్ అయినవి ఒక గుంపుగా, 5 ఎంబీ దాటినవి మరో గుంపుగా కనిపిస్తాయి. అపార్ట్‌మెంటు గ్రూపులో, బంధువుల గ్రూపులో వచ్చిపడిన వీడియోల్లోంచి 2.5 జీబీ తీసేస్తే ఖాళీ 6.3 జీబీకి చేరుతుంది. ఒక్క యాప్ కూడా తీసేయకుండానే పని అయిపోతుంది.

ఈ శుభ్రం చేసే పనిలో రెండు చోట్ల పొరపాటు జరిగితే పోయింది తిరిగి రాకపోవచ్చు. యాప్ సమాచారం పేజీలో క్లియర్ క్యాష్, క్లియర్ డేటా పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తాత్కాలిక ఫైళ్లను మాత్రమే తీసేస్తుంది. రెండోది ఆ యాప్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోంచే కాదు, ఆన్‌లైన్‌లోంచి కూడా పోతుంది. ఫోన్‌లోని కాపీలు మాత్రమే తీసి చోటు చేసుకోవాలంటే అందులోనే ఉన్న ఫ్రీ అప్ స్పేస్ వాడాలి.

అప్‌డేట్ తనంతట తాను ఫొటోలనూ నంబర్లనూ చెరపదు. బ్యాకప్ అవసరమయ్యేది అది సగంలో చెడి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సి వచ్చినప్పుడు. ఆ అరుదైన రోజు కోసమే ఈ శ్రమంతా. సెట్టింగ్స్‌లోని గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉందా, చివరిసారి ఏ తేదీన జరిగింది అన్నది చూడాలి. వాట్సాప్ చాట్లు ఇందులోకి రావు. వాటికి వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ విడిగా నొక్కాలి. ఆ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఖాతాలోని ఉచిత 15 జీబీలోంచే చోటు తీసుకుంటుంది. ఆ ఖాతా నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది కాబట్టి తేదీ చూసుకోవడం తప్పనిసరి.

బ్యాకప్ ఎంత ముఖ్యమో, తెర తాళం తీసే పిన్ లేదా ప్యాటర్న్ గుర్తుండటం అంత ముఖ్యం. రోజూ వేలిముద్రతో తెరిచేవాళ్లు, ముఖ్యంగా పిల్లలో మనవలో సెట్ చేసిపెట్టిన ఫోన్ వాడే పెద్దవాళ్లు, దాన్ని మరిచిపోతారు. రీస్టార్ట్ తర్వాత మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, పిన్ కొట్టి తీరాలి. అది కొట్టేవరకు ఫోన్‌లోని సమాచారం తాళంలోనే ఉంటుంది. కాల్ వస్తుంది గానీ పేరు బదులు నంబరే కనిపించవచ్చు, వాట్సాప్ మెసేజ్‌లు రావు. పిన్ గుర్తు లేకపోతే ఫోన్ రీసెట్ చేయడం తప్ప సాధారణంగా దారి ఉండదు.

ఇక అప్‌డేట్ ఎక్కడి నుంచి తీసుకోవాలంటే, సెట్టింగ్స్‌లోని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నుంచే. కొన్ని ఫోన్లలో అది సిస్టమ్ కింద, కొన్నింటిలో అబౌట్ ఫోన్‌లో ఉంటుంది. ఎస్సెమ్మెస్‌లో, వాట్సాప్‌లో లింకుగానో, ఇన్‌స్టాల్ చేయమనే ఏపీకే ఫైలుగానో వచ్చేది ఫోన్ కంపెనీ అప్‌డేట్ కాదు. అది డబ్బు కాజేయడానికి వేసిన వల. కంపెనీలు పెద్ద అప్‌డేట్‌ను ముందు కొద్దిమందికి పంపి, ఇబ్బందులేమీ లేకపోతే మిగతావాళ్లకు విడుదల చేస్తాయి. అందుకే పక్కవాళ్ల ఫోన్‌కు వచ్చింది తమకు రాలేదని కంగారు అక్కర్లేదు. వచ్చాక కూడా ఒకటి రెండు వారాలు ఆగడంలో నష్టం తక్కువే. అదే భద్రతా ప్యాచ్ అయితే వాయిదా వేయకపోవడం మంచిది. పరీక్షకో ప్రయాణానికో బయల్దేరేముందు రాత్రి కాకుండా, సెలవు రోజు పగటిపూట, వైఫై ఉన్నచోట పెట్టుకోవాలి.

కొత్త సిస్టమ్ లేచాక మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్ కాస్త వేడిగా ఉండటం, ఛార్జింగ్ త్వరగా దిగిపోవడం మామూలే. యాప్‌లను కొత్తగా సర్దుకునే పని వెనక సాగుతూ ఉంటుంది. తాత్కాలికంగా వాడుకున్న చోటు కూడా కొంతసేపటి తర్వాతే తిరిగి వస్తుంది. వారం దాటినా బ్యాటరీ అలాగే కరిగిపోతుంటే, సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలో ఎక్కువ తినేస్తున్న యాప్ ఏదో చూసి దాన్ని ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేయాలి.

అనుమతుల తీరు కూడా మారుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్‌ను కచ్చితంగా కాక సుమారుగా మాత్రమే ఇచ్చే వీలుంది. 13 నుంచి కొత్తగా వేసుకునే యాప్ నోటిఫికేషన్లు పంపాలన్నా ముందు అడగాలి. అలా అడిగినప్పుడు వద్దని నొక్కేసి, తర్వాత ఆ యాప్ నుంచి సందేశాలే రావడం లేదని వాపోయేవాళ్లు ఉన్నారు. ఆండ్రాయిడ్ 14 మరీ పాత యాప్‌లను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోనివ్వదు. ముందునుంచే ఉన్నవి ఉంటాయి గానీ, ఒకసారి తీసేస్తే మళ్లీ ఎక్కకపోవచ్చు. కొన్నేళ్లుగా అప్‌డేట్ లేని బిల్లింగ్ యాప్‌తో దుకాణం నడిపేవాళ్లు ఈ సంగతి ముందే విచారించుకోవాలి. బ్యాంకు యాప్, యూపీఐ యాప్ తెరిచి చూసుకోవడం మొదటి రోజే చేయాల్సిన పని.

కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లడం దాదాపు కుదరదు. రెండు అరల ఫోన్‌లో పాతది ఉండేది కొత్తది సరిగా లేచిందని తేలేవరకే. ఆ తర్వాత పాత వెర్షన్‌కు దిగాలంటే సాధారణంగా ఫోన్‌లోని సమాచారమంతా పోతుంది. పైగా భద్రత కోసం పాతదాన్ని ఎక్కనివ్వని ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది.

రీస్టార్ట్ తర్వాత కంపెనీ లోగో దగ్గరే అరగంటకు పైగా ఆగిపోతే అప్పుడు చేయి చేసుకోవాలి. ముందు ఛార్జర్ తగిలించి, పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి ఫోన్ ఆఫ్ అయ్యేవరకు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లు మళ్లీ మొదటి నుంచి లేస్తాయి. లేచాక పదేపదే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే సేఫ్ మోడ్‌లో తెరవాలి. అందులో బయటి నుంచి వేసుకున్న యాప్‌లు పనిచేయవు కాబట్టి, అప్పుడు ఫోన్ నిలకడగా ఉంటే తప్పు ఏదో యాప్‌దని తేలుతుంది. రికవరీ తెరలో కనిపించే ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం బ్యాకప్ ఉందని ఖాయంగా తెలిస్తేనే నొక్కాలి. లేకపోతే ఫోన్‌ను అలాగే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి, సమాచారం చెరిపేయకుండా సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించడం కుదురుతుందా అని అడగాలి. అక్కడ సంతకం చేయించుకునే కాగితంలో డేటా పోతే బాధ్యత లేదన్న షరతు ఉంటుంది కాబట్టి, ఆ మాట సంతకం పెట్టకముందే అడగడం మంచిది.