బిల్లు భయానికి పదిహేను సెకన్ల జవాబు

నవంబరు వస్తే ఢిల్లీలో ఎయిర్ ప్యూరిఫైయర్ ప్రకటనల జోరు మొదలవుతుంది. పొగమంచు, దగ్గే పిల్లాడు, పక్కన మెరిసే యంత్రం. గాలి బాగాలేదని ఢిల్లీవాళ్లకు కొత్తగా చెప్పాలా? ధర అడిగాక కూడా వెనకాడేవాళ్ల నోట వచ్చే మాట వేరు: "రాత్రంతా వేస్తే కరెంటు బిల్లు ఎంతొస్తుందో!" ప్రకటన మొత్తాన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబెట్టవచ్చు.

ముందు లెక్క తేల్చుకోవాలి. గరిష్ఠ వేగంలో 50 వాట్లు తీసుకునే ప్యూరిఫైయర్ 8 గంటలు నడిస్తే 0.4 యూనిట్ అవుతుంది. దేనితో పోల్చాలి? సీలింగ్ ఫ్యాన్ వెంటనే తడుతుంది కానీ, చలికాలంలో ఢిల్లీలో ఫ్యాన్ వేసేదెవరు? గీజర్ మాత్రం రోజూ వేస్తారు. 2000 వాట్ల గీజర్ పావుగంట వేడెక్కితే అర యూనిట్. అంటే ఒక స్నానం నీళ్లకయ్యే కరెంటు కంటే రాత్రంతా గాలి శుభ్రం చేయడానికయ్యేదే తక్కువ. కథ దొరికినట్టే.

మొదటి మూడు సెకన్లలో పడుకోబోతూ తండ్రి ప్యూరిఫైయర్ స్విచ్ కట్టేస్తాడు. "రాత్రంతానా? బిల్లు ఎవరు కడతారు?" కూతురు మళ్లీ వేస్తుంది. తెల్లారుతుంది. ప్యూరిఫైయర్ మీటరులో 0.40. తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తాడు, గీజర్ ఎర్రలైటు ఆరుతుంది, దాని మీటరులో 0.50. "నాన్నా, మీ స్నానానికే ఎక్కువైంది!" పదకొండో సెకను దాటింది. మిగిలిన సమయం కంపెనీ పేరుకు. మాటలు పాతిక మించకూడదు, మీటరు అంకెలు చదవడానికి చూసేవాళ్లకు వ్యవధి కావాలి.

వాట్లు, గంటలు ఎన్నో తెరమీద రాయాలి. అలాంటి వివరణ వరుసకు నాలుగు సెకన్లకు మించి కనిపించాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ అంటుంది. అందుకే ఒక్క వరుసలో సరిపెట్టాలి.

ఇక్కడే కొందరు మోసం చేస్తారు. కరెంటు లెక్క స్లీప్ మోడ్‌లోది చూపించి, గాలి శుభ్రమయ్యే వేగం మాత్రం గరిష్ఠ స్థాయిది చెబుతారు. వేగం తగ్గితే శుభ్రపడే గాలీ తగ్గుతుంది. రెండూ ఒకే వేగానివి కావాలి.

ఇంకో ప్రమాదం, చివర్లో "శబ్దం కూడా తక్కువే" అని కలపడం. ప్రకటన ఒక్కసారి చూపించి ఏం చెప్పిందని అడగండి. గీజర్ మాట రాకుండా "ఏదో ప్యూరిఫైయర్ బాగుందట" అంటే అది గురి తప్పినట్టే.

ఈ జవాబుకూ ఒక హద్దుంది. ఫిల్టర్లు మార్చే ఖర్చు ఇందులో లేదు. కొనేవాళ్లను ఆపుతున్నది నిజానికి అదే అయితే, గీజర్ కథ ఎంత బాగున్నా పక్కన పెట్టి, ఏడాదికి ఫిల్టర్‌కు ఎంతవుతుందో రూపాయల్లో చెప్పే ప్రకటన వేరే రాసుకోవాలి.