దరఖాస్తులో రాసిందే బల్ల మీద అడుగుతారు

డిప్లొమా పూర్తయి మొబైల్ సర్వీస్ సెంటర్లో ట్రైనీ టెక్నీషియన్ పోస్టుకు రాసే దరఖాస్తుకు మన దగ్గర ఒక పాత అచ్చు ఉంది. గౌరవనీయులైన మేనేజర్ గారికి అని మొదలై, మీ సంస్థలో ఖాళీ ఉందని తెలిసింది, నేను కష్టపడి పనిచేస్తాను, మాది పేద కుటుంబం, అవకాశమిస్తే రుణపడి ఉంటాను అని ముగుస్తుంది. దీని వెనక ఉన్న మొదటి అపోహ, ఉత్తరం వట్టి లాంఛనమని, అసలు విషయం మార్కుల మెమో చెబుతుందని. మెమో అంత చెప్పదు. విజయనగరం ఎం.ఆర్.ఎ.జి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివినా, శ్రీకాకుళం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివినా డిప్లొమా ఇచ్చేది ఒక్కటే, రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి. సబ్జెక్టులు అవే, పరీక్షా అదే. పది మంది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా వాళ్లు దరఖాస్తు పెడితే పది మెమోల్లో తేడా అంకెల్లోనే కనిపిస్తుంది. వాళ్లలో మీటర్ పట్టుకోవడం వచ్చిందెవరికి, స్క్రూ ఏ రంధ్రంలోదో గుర్తుపెట్టుకునేదెవరు అన్నది ఆ అంకెల్లో ఉండదు. అది చెప్పుకునే చోటు ఉత్తరమే.

ఆ ఉత్తరం చదివే మనిషి భయాలేమిటో తెలిస్తే ఏం రాయాలో సగం తేలిపోతుంది. కొత్తవాణ్ని బల్ల దగ్గర కూర్చోబెడితే ముందు పోయేది కస్టమర్ ఫోను. వెనక మూత తీసేటప్పుడు లోపలి ఫ్లెక్స్ చిరుగుతుంది. బ్యాటరీ కనెక్టర్ తీయకుండానే మీటర్ ముల్లు పెడితే ఉన్న లోపానికి ఇంకోటి తోడవుతుంది. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి దారులు తెంచేస్తుంది. అప్పటిదాకా బాగున్న ఫోను ఆ క్షణంలో పాడవుతుంది, నష్టం సెంటర్ మీద పడుతుంది. ‘కష్టపడి పనిచేస్తాను’ అన్న మాట ఈ భయాల్లో ఒక్కదాన్నీ తగ్గించదు. ‘విప్పిన స్క్రూలను వాటి వరుసలోనే ట్రేలో పెట్టుకుంటాను, బ్యాటరీ కనెక్టర్ తీశాకే మీటర్ పెడతాను’ అన్న ఒక్క వాక్యం చాలావరకు తగ్గిస్తుంది. పని చూడని మనిషికి ఆ వాక్యం తట్టదు కాబట్టి చదివేవాడు దాన్ని నమ్ముతాడు.

ఎన్ని పనులు వచ్చని రాస్తే అంత విలువ పెరుగుతుందన్నది రెండో అపోహ. ఎక్కువ నష్టం చేసేది ఇదే. చిప్ లెవెల్, రీబాలింగ్, సాఫ్ట్‌వేర్, డెడ్ ఫోన్ అన్నీ వచ్చని రాస్తారు. ముందుగా, ఏ సెంటర్‌కు రాస్తున్నామో చూడాలి. కంపెనీ తరఫున నడిచే అధీకృత సెంటర్ అయితే, మన ఊళ్ల స్థాయిలో అక్కడ జరిగే పని ఎక్కువగా జాబ్ షీట్ తెరవడం, ఐఎంఈఐతో వారంటీ చూడటం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ బోర్డు లాంటివి మార్చడం. మెయిన్ బోర్డులో లోపముంటే సాధారణంగా బోర్డే మారుస్తారు, లేదా పై స్థాయి కేంద్రానికి పంపుతారు. అక్కడికి రీబాలింగ్ వచ్చని రాస్తే, ఆ సెంటర్ పని ఏమిటో తెలియదని మనమే చెప్పుకున్నట్టు. వీధిలోని సొంత రిపేరు షాపుల్లో సంగతి వేరు. బోర్డు మీద పని అక్కడే జరుగుతుంది, నేర్పేదీ అక్కడే. ఒకే ఉత్తరాన్ని రెండు చోట్లకూ జిరాక్స్ తీసి ఇస్తే ఏదో ఒక చోట అది తప్పు ఉత్తరమవుతుంది.

అధీకృత సెంటర్ కాకపోయినా, అన్నీ వచ్చన్న మాటను పరీక్షించడానికి ఐదు నిమిషాలు చాలు. చెడిపోయిన బోర్డొకటి ముందు పెట్టి, చార్జింగ్ లైన్‌లో షార్ట్ ఉందేమో చూడమంటారు. పని తెలిసినవాడు బ్యాటరీ తీసి ఉందో లేదో ముందు చూసుకుంటాడు, మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ముల్లు గ్రౌండ్ మీద, నల్ల ముల్లు చూడాల్సిన చోట పెడతాడు. 0.3 నుంచి 0.7 మధ్య ఏదో విలువ వస్తే లైను దాదాపు బాగున్నట్టు, సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్, తెర మీద OL అని వస్తే దారి తెగినట్టు. ఇక్కడా ఒక పరిమితి ఉంది. ఒక్కో బోర్డుకు ఒక్కో విలువ ఉంటుంది కాబట్టి, మంచి బోర్డుతో పోల్చి చూడందే తీర్పు చెప్పకూడదు. ఆ పోలిక సంగతి ప్రస్తావించిన కుర్రాడికి రీబాలింగ్ రాకపోయినా ఫరవాలేదు. రీబాలింగ్ వచ్చని రాసి, ఎర్ర ముల్లు ఎక్కడ పెట్టాలో తడబడినవాడికి మాత్రం ఉత్తరంలోని మిగతా నిజాలు కూడా అక్కరకు రావు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. ఉద్యోగమే చేయని ఫ్రెషర్ ఏం రాస్తాడు, గొప్పలు రాయకపోతే కాగితం ఖాళీగా ఉంటుంది కదా అని. ఖాళీగా ఉండదు. సి-20 పాఠ్యప్రణాళికలో ఒక సెమిస్టరు మొత్తం పారిశ్రామిక శిక్షణకే పోతుంది. దాన్ని ‘ఆరు నెలల ట్రైనింగ్ పూర్తి చేశాను’ అని ఒక ముక్కలో దాటేయడమే పొరపాటు. ఆ ఆరు నెలల్లోంచి ఒక్క లోపాన్ని తీసుకుని, ఏం చూశారో, ఏం తేలిందో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. చీపురుపల్లి నుంచి ఒక డిప్లొమా కుర్రాడు విజయనగరంలోని సెంటర్‌కు రాస్తున్నాడనుకుందాం. అతను చూసినది చార్జింగ్ ఎక్కని ఫోను. ఉత్తరంలో ఆ భాగం ఇలా ఉండొచ్చు: ‘శిక్షణలో చార్జింగ్ ఎక్కని ఒక ఫోను చూశాను. కేబుల్, చార్జర్ వేరే ఫోనుకు పెడితే పనిచేశాయి. పోర్టులో దుమ్ము తీశాను, మార్పు లేదు. యూఎస్‌బీ మీటర్‌లో 5 వోల్టులు కనిపించాయి గానీ కరెంటు దాదాపు సున్నా. బ్యాటరీ కనెక్టర్ తీసి, చార్జింగ్ బోర్డు నుంచి మెయిన్ బోర్డుకు వెళ్లే ఫ్లెక్స్‌ను బజర్ మోడ్‌లో చూస్తే ఒక దారి తెగి ఉంది. మా టెక్నీషియన్ గారి పర్యవేక్షణలో ఫ్లెక్స్ మార్చాను, తర్వాత మీటర్‌లో ఒక ఆంపియర్‌కు పైగా కనిపించింది.’

ఇందులో గొప్ప పనేమీ లేదు. కానీ వరుస ఉంది. ఖర్చు లేని తనిఖీ ముందు, విప్పాల్సినది తర్వాత, మార్చాల్సినది చివర. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఈ వరుస తిరగేసి, పోర్టులో దుమ్ము చూడకుండానే బోర్డు మీదికి హాట్ ఎయిర్ గన్ తీసుకుపోవడం. పైగా ‘టెక్నీషియన్ గారి పర్యవేక్షణలో’ అన్న ముక్క ఇతరుల పనిని సొంతం చేసుకోని మనిషిని చూపిస్తుంది. తర్వాత ఇంకో వాక్యం ధైర్యంగా రాయాలి: ‘మైక్రోస్కోప్ కింద ఐసీ మార్చడం చూశాను, నేను చేయలేదు.’ రాదని రాస్తే పక్కవాణ్ని తీసుకుంటారని భయపడతారు. ట్రైనీ అంటేనే నేర్చుకోవాల్సింది మిగిలి ఉన్నవాడు. ఎక్కడిదాకా వచ్చో, ఎక్కడ ఆగిందో తెలిస్తే నేర్పేవాడికి మొదటి వారం ఏ పని ఇవ్వాలో తెలుస్తుంది. గీత ఎక్కడుందో చెప్పనివాడి చేతికి ఖరీదైన ఫోను ఇవ్వాలంటేనే భయం.

ఒక మాట మాత్రం ఏ ఉత్తరంలోనూ ఉండకూడదు, దాన్నే నైపుణ్యమనుకుని కొందరు పైకి రాస్తారు: ‘అన్ని ఫోన్ల లాక్‌లు తీస్తాను, ఐఎంఈఐ మారుస్తాను’ అని. *#06# కొడితే కనిపించే ఆ 15 అంకెలను మార్చడాన్ని నిషేధిస్తూ 2017లోనే నిబంధనలు వచ్చాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అలాంటి గుర్తింపు సంఖ్యలను తారుమారు చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. అంటే ఆ కుర్రాడు నేరం చేయగలనని సంతకం పెట్టి ఇచ్చినట్టే. లాక్ తీయడం ప్రతిసారీ నేరం కాదు, పాస్‌వర్డ్ మరిచిన సొంతదారులు రోజూ వస్తారు. అందుకే రాయాల్సిన పద్ధతి వేరు: ‘బిల్లు, సొంతదారు గుర్తింపు చూశాకే లాక్ పని మొదలుపెట్టాలని తెలుసు. కస్టమర్ ఫొటోలు, మెసేజ్‌లు తెరవను.’ ఈ రెండో వాక్యం ముఖ్యంగా ఆడపిల్లల ఫోన్లు వచ్చే కౌంటర్‌లో చాలా బరువైనది. సర్వీస్ సెంటర్ పరువు దాని మీదే నిలబడి ఉంటుంది.

ఇక పేదరికం గురించి. ఇంటి కష్టం రాస్తే మనసు కరుగుతుందన్నది మనవాళ్లలో బలంగా ఉన్న నమ్మకం. ఆ కష్టం నిజమే, అందులో దాచుకోవాల్సిందీ లేదు. అయితే చదివేవాడు దాంతో చేయగలిగిందేమీ లేదు. అదే ఇంటి సంగతుల్లో అతనికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటిని రాయం. చీపురుపల్లి నుంచి రైల్లో వస్తాడా, విజయనగరంలో గది తీసుకుంటాడా, పొద్దున్న కౌంటర్ తెరిచే వేళకు ఉండగలడా అన్నది మేనేజర్‌కు నిజంగా కావాలి. అలాగే భాష. ఉత్తరం బరువైన ఇంగ్లీషులో లేకపోతే తీసిపడేస్తారనుకుంటారు. ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే రాయాలి, జాబ్ షీట్‌లో లోపాన్ని ఇంగ్లీషులో టైపు చేయాలి కాబట్టి. కానీ పైన చూసిన చార్జింగ్ వాక్యాలు చిన్న ఇంగ్లీషులోకి ఇట్టే వస్తాయి. ఎక్కడో దొరికిన నమూనాలోని పెద్ద మాటలు రెండో ప్రశ్నకే బయటపడతాయి. ఇచ్ఛాపురం, పలాస వైపు వాళ్లకు ఒడియా వస్తే అది తప్పక రాయాలి. సరిహద్దు ఊళ్ల కౌంటర్‌లో లోపమేమిటో కస్టమర్ నోటి నుంచి సరిగ్గా వినడం సగం రిపేరు.

చివరి అభ్యంతరం అందరికీ తెలిసినదే: ఎవరైనా తెలిసినవాళ్లు చెబితేనే పని దొరుకుతుంది, ఉత్తరం ఎవరు చూస్తారు అని. సిఫారసు పనిచేస్తుంది, కాదనడం అబద్ధం. అది బల్ల దాకా తీసుకెళ్తుంది. బల్ల మీద మీటర్ పెట్టాల్సింది మాత్రం కుర్రాడే, అప్పుడు మేనేజర్ చేతిలో ఉండేది ఆ కాగితమే. పైగా ఉత్తరం అడగడానికి కూడా పనికొస్తుంది. ట్రైనీ, అప్రెంటిస్ ఒకటే అనుకోవడం ఇంకో అపోహ. 1961 అప్రెంటిస్ చట్టంలోకి 1973 సవరణతో డిప్లొమా వాళ్లూ వచ్చారు. దాని కింద చేరితే నమోదయ్యే ఒప్పందం, ఏడాది గడువు, నిర్ణీత స్టైపెండ్ ఉంటాయి. ట్రైనీ అన్న పేరుకు అవేవీ వాటంతటవి రావు, సెంటర్ ఏం రాసిస్తే అదే. కాబట్టి చీపురుపల్లి కుర్రాడి ఉత్తరం రుణపడి ఉంటాననే మాటతో ముగియనక్కర్లేదు. ‘శిక్షణ కాలం ఎన్ని నెలలు, స్టైపెండ్ ఎంత, అప్రెంటిస్ ఒప్పందం ఉంటుందా అన్నవి తెలియజేయగలరు. సర్టిఫికెట్ల జిరాక్సులు జతచేశాను, ఒరిజినల్స్ ఇంటర్వ్యూలో చూపిస్తాను. మీరు చెప్పిన రోజు వచ్చి, మీ బల్ల మీద ఒక ఫోను విప్పి చూపించడానికి సిద్ధంగా ఉన్నాను’ అని రాసి సంతకం పెడితే చాలు.