జీతంలో కోసిన పన్ను ప్రభుత్వానికి చేరకపోతే

జీతం మీద ఆదాయపు పన్నును యాజమాన్యం నెలనెలా కోసుకుని, ఉద్యోగి పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టాలి. ఇదే టీడీఎస్. ఒక నెలలో కోసిన మొత్తాన్ని మరుసటి నెల 7వ తేదీలోగా జమ చేయాలి. మార్చి నెలకు మాత్రం ఏప్రిల్ 30 దాకా గడువు ఉంటుంది. డబ్బు కట్టడంతోనే పని పూర్తి కాదు. ఎవరి జీతంలో ఎంత కోశారో చెప్పే లెక్కను మూడు నెలలకోసారి ఫారం 24క్యూలో దాఖలు చేయాలి. ఈ రెండూ జరిగితేనే ఉద్యోగి ఫారం 26ఏఎస్‌లో ఆ మొత్తం కనిపిస్తుంది. పే స్లిప్పులో కోత ఉండి 26ఏఎస్‌లో జమ లేదంటే, ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పినట్టే.

అయితే తొందరపడి యాజమాన్యం డబ్బు తినేసిందని అనుకోనక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా లెక్క ఇవ్వడానికి మే 31 వరకు గడువుంది. కాబట్టి ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో చూసి చివరి మూడు నెలలు లేవని కంగారు పడడం అనవసరం. జూన్ సగం గడిచాక కూడా ఖాళీగానే ఉంటే అప్పుడు ఆరా తీయాలి. డబ్బు కట్టినా లెక్క దాఖలు చేయకపోవచ్చు, లేదా పాన్‌లో ఒక అక్షరం తప్పుపడి వేరొకరి ఖాతాకు వెళ్లి ఉండవచ్చు. ఈ రెండూ యాజమాన్యం లెక్కను దాఖలు చేస్తేనో, సరిదిద్దితేనో చక్కబడేవి. 26ఏఎస్‌లో ప్రతి జమ పక్కన ఒక అక్షరం ఉంటుంది. F ఉంటే జమ ఖరారైనట్టు. U ఉంటే యాజమాన్యం లెక్కలో చూపిన మొత్తానికి సరిపోయే చెల్లింపు దొరకలేదని అర్థం.

ఫారం 16 కూడా ఒక ఆనవాలే. జూన్ 15లోగా ఇవ్వాల్సిన ఈ పత్రంలో పార్ట్ ఏ, పార్ట్ బి అని రెండు భాగాలుంటాయి. జీతం, మినహాయింపుల లెక్క ఉండే పార్ట్ బి ఇచ్చి, పన్ను జమ వివరాలు ఉండే పార్ట్ ఏ ఇవ్వకుండా వాయిదా వేస్తున్నారంటే అనుమానించాల్సిందే. పార్ట్ ఏను ఆదాయపు పన్ను శాఖకు చెందిన ట్రేసెస్ వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. 24క్యూ దాఖలు కాకపోతే అది అక్కడ తయారవదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసే ఉద్యోగి జీతంలో 2023-24లో నెలకు 8,000 చొప్పున 96,000 రూపాయలు కోశారు. అతని అసలు పన్ను కూడా సరిగ్గా అంతే. కంపెనీ సెప్టెంబరు వరకు కట్టి, చేతిలో డబ్బులాడక ఆ తర్వాత ఆపేసింది. 26ఏఎస్‌లో 48,000 మాత్రమే ఉంది. ఉద్యోగి రిటర్నులో 96,000 చూపాడు. బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రం 26ఏఎస్‌తో పోల్చి చూసి, 48,000కే ఒప్పుకుని, మిగతా 48,000 కట్టమని 143(1) నోటీసు పంపింది. దాని మీద 234బి కింద నెలకు ఒక శాతం వడ్డీ కూడా పడుతుంది. నోటీసు నవంబరులో వస్తే ఏప్రిల్ నుంచి ఎనిమిది నెలలకు 3,840 రూపాయలు. ఒకసారి జీతంలో కోయించుకున్న పన్నునే వడ్డీతో సహా మళ్లీ అడుగుతున్నారన్నమాట.

ఇక్కడ చాలామంది రెండు రకాలుగా పొరపడతారు. చేతికి రాని డబ్బుకు లెక్కేమిటని, కోతపోగా వచ్చిన జీతాన్నే ఆదాయంగా చూపడం ఒకటి. అది చెల్లదు. కోసిన పన్ను కూడా ఉద్యోగి ఆదాయమేనని 198వ సెక్షను చెబుతోంది, కాబట్టి పూర్తి జీతం చూపాల్సిందే. రెండోది, నోటీసుకు భయపడి 26ఏఎస్‌లో ఉన్నంతే చూపుతూ రిటర్నును సవరించడం. అలా చేస్తే తన హక్కును తానే వదులుకున్నట్టవుతుంది.

ఉద్యోగికి అసలు రక్షణ 1961 ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షనులో ఉంది. జీతంలో పన్ను కోయడం పూర్తయ్యాక, కోసినంత మేరకు ఆ పన్నును ఉద్యోగి దగ్గర నేరుగా వసూలు చేయకూడదని దాని సారాంశం. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, అంతకుముందు సంవత్సరాల వ్యవహారాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు కూడా 2015 జూన్‌లోను, మళ్లీ 2016 మార్చిలోను ఇలాంటి బాకీలను ఉద్యోగుల నుంచి బలవంతంగా వసూలు చేయొద్దని అధికారులకు రాసింది. ఒకే మాట రెండుసార్లు రాయాల్సి వచ్చిందంటే క్షేత్రస్థాయిలో ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

ఆ ఆదేశాల్లో ఒక లొసుగు మిగిలింది. వసూలు చేయొద్దన్నారే గానీ బాకీని రికార్డులోంచి తీసేయమనలేదు. దాంతో శాఖ నేరుగా అడగకుండా, తర్వాతి ఏడాదుల్లో రావాల్సిన రిఫండును 245వ సెక్షను కింద ఆ పాత బాకీకి సర్దుకునేది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ఎదురైంది ఇలాంటి చిక్కే. 2012లో మూతపడిన ఆ సంస్థ జీతాల్లో కోసిన పన్నును కట్టలేదు. ఒక పైలట్ కేసులో గుజరాత్ హైకోర్టు 2021లో, కోత జరిగిందని తేలాక జమ ఇవ్వనంటే కుదరదని చెప్పింది. 2023లో ఢిల్లీ హైకోర్టు మరో అడుగు వేసి, రిఫండులో సర్దుకోవడం కూడా దొడ్డిదారి వసూలేనని తేల్చింది.

ఇదంతా కోత జరిగిందని రుజువు చేయగలిగితేనే పనికొస్తుంది. అన్ని నెలల పే స్లిప్పులు, కోతపోగా మిగిలిన జీతమే ఖాతాలో పడిందని చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, నియామక పత్రం, యాజమాన్యంతో జరిగిన ఈమెయిళ్లు దగ్గర ఉండాలి. పే స్లిప్పులో స్థూల జీతం 70,000, టీడీఎస్ 8,000, ఇతర కోతలు 2,000 అని ఉండి ఖాతాలో 60,000 పడితే ఇక వాదన ఉండదు. కంపెనీ మూతపడితే దాని ఈమెయిలు, జీతాల పోర్టలు రెండూ ఒక్కరోజులో ఆగిపోవచ్చు. అందుకే ఈ కాగితాలను ముందే దించి పెట్టుకోవాలి.

నోటీసు వచ్చాక ఊరుకోకూడదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో Response to Outstanding Demand అనే చోట బాకీని ఒప్పుకోవడం లేదని నమోదు చేసి, ఆధారాలు జతచేయాలి. ఇవే కాగితాలతో తన పరిధిలోని అసెసింగ్ అధికారికి 205వ సెక్షనును, బోర్డు ఆదేశాలను పేర్కొంటూ అర్జీ పెట్టాలి. పోర్టల్‌లో ఇచ్చే జవాబుతోనే పని అయిపోవడం అరుదు. అక్కడ పోలిక చేసేది యంత్రం, దానికి 26ఏఎస్ తప్ప మరేదీ కనిపించదు. రిఫండును సర్దుకుంటామంటూ 245 కింద నోటీసు వస్తే దానికీ గడువులోగా అభ్యంతరం చెప్పాలి.

కంపెనీ ఇంకా నడుస్తుంటే దాని మీద ఒత్తిడి తేవడమే దగ్గరి దారి. ముందు లిఖితపూర్వకంగా అడిగి, ఫలితం లేకపోతే టీడీఎస్ విభాగపు అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. కోసి కట్టని పన్ను మీద యాజమాన్యానికి నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, లెక్క దాఖలులో ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము పడతాయి. 276బి కింద ప్రాసిక్యూషన్‌కూ అవకాశముంది. కంపెనీ ఆలస్యంగానైనా కట్టి 24క్యూ వేస్తే 26ఏఎస్‌లో జమ కనిపిస్తుంది. అప్పుడు ఉద్యోగి 154వ సెక్షను కింద సవరణ కోరితే చాలు, బాకీ వడ్డీతో సహా పోతుంది.

మూతపడ్డ కంపెనీ విషయంలోనే చిక్కంతా. అసలు పన్ను కంటే ఎక్కువ కోసి, రిఫండు రావాల్సిన ఉద్యోగికి కష్టం ఇంకా ఎక్కువ. బాకీ వసూలును ఆపించుకోవడం ఒక ఎత్తు, ఖజానాకు చేరని డబ్బును తిరిగి ఇమ్మనడం మరో ఎత్తు. రెండోదానికి తరచు అప్పీలు, హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. అందువల్ల మొత్తం ఐదారు వేలే అయితే కట్టేసి, దాన్ని కంపెనీ నుంచి రాబట్టుకోవడం మేలని సలహా ఇచ్చే ఆడిటర్లు ఉంటారు. చట్టం ప్రకారం ఉద్యోగి కట్టనక్కర్లేదు గానీ, న్యాయవాది ఫీజును పక్కన పెట్టి చూస్తే ఆ సలహాను తప్పుపట్టలేం. 48,000 విషయంలో మాత్రం అలా వదులుకోనక్కర్లేదు.