సర్పయాగశాలలోని శ్రోత

మహాభారతమనగానే కురుక్షేత్రము కన్నులకు గట్టును గాని, ఆ కథ యేచోట, ఎవరికి, ఏపని నడుచుచుండగా చెప్పబడినదో మనకు సాధారణముగ జ్ఞప్తికి రాదు. తన తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కఱచి చంపెనన్న క్రోధమున, ఉదంకుని ప్రేరణమున, జనమేజయుడు నాగజాతినెల్ల అగ్నికి ఆహుతి చేయ దీక్షవహించి కూర్చున్న యాగశాలలో, కర్మకును కర్మకును నడిమి విరామములందు, వ్యాసశిష్యుడైన వైశంపాయనుడు దానిని వినిపించెను. పగచేత ఒక వంశము నశించిన వృత్తాంతమును, పగచేతనే మరియొక వంశమును నశింపజేయుచున్నవాడు వినుచున్నాడు.

చాలకాలము నేనీ ఉపోద్ఘాతమును వాకిలిగా మాత్రమే యెంచి దాటిపోయితిని. ఖాండవదహనమును మరల చదివిననాడు గాని నా పొరపాటు నాకు తెలియలేదు.

ఆ ఘట్టమును విడిగా చదివినచో అది వీరగాథ: అగ్నిదేవుని ఆకలి తీర్చుటకై కృష్ణార్జునులు వనమును ఇరుప్రక్కల కాచిరి, ఇంద్రుని వర్షమును అర్జునుడు బాణములతో ఆపెను, గాండీవము లభించినదియు అప్పుడే. కాని ఆ వనము తక్షకుని నివాసము. అతడు ఆనాడు కురుక్షేత్రమునకు పోయియుండగా, అతని భార్య కుమారుడైన అశ్వసేనుని మ్రింగి కాపాడవలెనని ఆకాశమున కెగసినది. అర్జునుడు ఆమె శిరమును ఖండించెను. ఇంద్రుడు పుట్టించిన పెనుగాలి మాటున బిడ్డ మాత్రము తప్పించుకొనెను. అర్జునుడు జనమేజయునకు ప్రపితామహుడు. తక్షకుని పితృహంతగా మాత్రమే యెఱిగిన రాజు, ఆ తక్షకుని యిల్లు తన పూర్వుని చేతనే దగ్ధమైనదని, హోమాగ్నియెదుట కూర్చుండి వినవలసివచ్చెను.

పరీక్షిత్తు మరణమునకు ఇదియే కారణమని కవి చెప్పలేదు. చెప్పిన కారణము శృంగి శాపము. ఆ రెండింటిని ముడివేయునది కథకుని వాక్యము గాదు, శ్రోత కూర్చున్న చోటు. ఆ చోటును తీసివేసినచో ఖాండవము విజయముగనే మిగులును.

ఈ యాగశాల చుట్టును నైమిశారణ్యపు కథాప్రసంగము మరియొక ఆవరణము. అచట ఉగ్రశ్రవసుడు శౌనకాదులకు, ఆస్తీకుడు వచ్చి యాగమును మాన్పించిన సంగతిని ముందుగనే చెప్పివేయును. కావున ఆ అగ్ని చల్లారునని మన మెఱుగుదుము. మన తెనుగున నన్నయ దానికి వెలుపల ఇంకొక శ్రోతను నిలిపెను: చంద్రవంశజుడై, తన పూర్వుల కథను వినగోరిన రాజరాజనరేంద్రుడు.

ఖాండవకథ వినిన పిదప జనమేజయుడు అడిగిన ప్రశ్న యొకటి కలదు. అశ్వసేనుడును మయుడును దగ్ధముగాకుండుటకు కారణము వింటిని; ఆ శార్‌ఙ్గకములను పక్షిపిల్లలను అగ్ని యేల విడిచెనో చెప్పుమని అతడు వైశంపాయనుని అడిగెను.