కమ్మీ చిత్రాన్ని అక్షరాల్లో రాయడమెలా?

చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ దగ్గర ఉన్న రంగనాయక సాగర్ నిల్వ సామర్థ్యం 3 టీఎంసీలు. దానితో పాటు కాళేశ్వరం పథకంలోని మరో మూడు జలాశయాలను కలిపి ఎవరో కమ్మీ చిత్రం గీశారనుకోండి. కంటిచూపు లేని మీ నేస్తం ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ అక్షరాలను చదివి వినిపిస్తుంది గానీ, బొమ్మ దగ్గర తడబడుతుంది. అందుకే బొమ్మలో అచ్చయినదాన్ని మనమే రాసివ్వాలి.

ముందు శీర్షిక, తర్వాత అక్షాల పేర్లు, కొలమానం (ఇక్కడ టీఎంసీలు) రాయండి. ఆపైన ఎడమ నుంచి కుడికి ఒక్కో కమ్మీకి ఒక్కో వరుస:

అనంతగిరి: 3.5
రంగనాయక సాగర్: 3
మల్లన్న సాగర్: 50
కొండపోచమ్మ సాగర్: 15

అంతే. ‘మల్లన్న సాగరే పెద్దది’ అని రాయొద్దు. అది తేల్చుకోవాల్సింది వినేవాళ్లు.

కమ్మీ మీద అంకె లేకపోతే ఎత్తు చూసి ఊహించకుండా ‘విలువ ముద్రించలేదు’ అనండి. అసలు చిక్కంతా చుక్కతోనే! అది జారిపోతే 3.5 కాస్తా 35 అవుతుంది. నిజంగా 35 అయితే ఆ కమ్మీ కొండపోచమ్మ సాగర్‌ కమ్మీని దాటి ఉండాలి కదా? అలా పోల్చి చూస్తే తప్పు దొరికిపోతుంది. చివర్లో కమ్మీలనూ వరుసలనూ లెక్కపెట్టి సరిచూడండి.