ఆయాసం ఆక్సిజన్ చాలక కాదు

పరుగెత్తి వచ్చినవాడు రొప్పుతుంటే ‘ఊపిరి అందడం లేదు’ అంటాం. ఒంటికి ఆక్సిజన్ చాలడం లేదు కాబట్టే అంత గాలి పీలుస్తున్నాడని మన లెక్క. కానీ ఆ క్షణంలో అతని ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తే, ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఆక్సిజన్ కూర్చున్నప్పుడు ఎంత ఉందో దాదాపు అంతే ఉంటుంది. మరి ఆ రొప్పు దేనికి?

క్రీడాకారులకు ల్యాబ్‌లో చేసే ట్రెడ్‌మిల్ పరీక్షను గమనిస్తే సంగతి తెలుస్తుంది. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు బిగిస్తారు. వదిలే ప్రతి శ్వాసలో గాలి ఎంత, ఆక్సిజన్ ఎంత వాడుకున్నారు, కార్బన్ డయాక్సైడ్ ఎంత బయటికొచ్చింది అని యంత్రం కొలుస్తూ ఉంటుంది. ట్రెడ్‌మిల్ వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, ఇక నా వల్ల కాదనే దాకా పరుగెత్తిస్తారు.

కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 15 సార్లు, ఒక్కోసారి అర లీటరు చొప్పున గాలి పీలుస్తాడు. మొత్తం ఆరేడు లీటర్లు. ఇప్పుడు 60 కిలోల బరువున్న, బాగా సాధన చేసిన రన్నర్ ఒకరిని ఉదాహరణగా తీసుకుందాం. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో అతను నిమిషానికి 1.8 లీటర్ల ఆక్సిజన్ వాడుకుంటూ 45 లీటర్ల గాలి పీలుస్తున్నాడు. అంటే లీటరు ఆక్సిజన్‌కు 25 లీటర్ల గాలి. వేగం 10కి పెంచితే ఆక్సిజన్ 2.2 లీటర్లకు, గాలి 55కి చేరాయి. లెక్క మారలేదు, లీటరుకు 25 లీటర్లే. 12కి పెంచగానే ఆ లెక్క 28 అయింది, 14 దగ్గర 31. కండరాలు అడిగిన ఆక్సిజన్‌ను మించి ఊపిరి పరుగు తీస్తోంది. అది మొదలైన చోటునే వెంటిలేటరీ త్రెషోల్డ్ అంటారు. ఈ రన్నర్‌కు అది 10, 12 కిలోమీటర్ల వేగాల మధ్య ఎక్కడో ఉంది.

అక్కడ జరిగేది ఇది. శ్రమ పెరిగేకొద్దీ కండరం గ్లూకోజును హడావిడిగా విరగ్గొడుతుంది. దాంతో లాక్టేట్, దానితో పాటే ఆమ్ల గుణం రక్తంలోకి చేరతాయి. రక్తంలోని బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. కానీ ఆ చర్యలో కొత్తగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఇంధనం మండటం వల్ల వచ్చేదానికి ఇది అదనం. దాన్నీ బయటికి పంపాలి కాబట్టి ఊపిరి పెరుగుతుంది. అందుకే ఈ దశలో ఆక్సిజన్‌తో పోల్చినప్పుడే గాలి ఎక్కువగా కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే సరిగ్గా సరిపోయినంతే ఉంటుంది.

పరీక్ష చేసేవాళ్లకు ఈ తేడాయే గుర్తు. మాస్కు పెట్టగానే కంగారుపడి గబగబా పీల్చేవాళ్లు ఉంటారు. అప్పుడు రెండు లెక్కలూ ఒక్కసారే పెరుగుతాయి. అది త్రెషోల్డ్ కాదు, భయం. ఆక్సిజన్ లెక్క పెరుగుతూ, కార్బన్ డయాక్సైడ్ లెక్క నిలకడగా ఉంటేనే అసలు మలుపు వచ్చినట్టు.

1964లో వాసర్‌మన్, మెకిల్‌రాయ్ అనే వైద్యులు గుండె జబ్బు రోగుల్లో ఈ మలుపును శ్వాస ద్వారానే పట్టుకోవచ్చని చూపించారు. కండరానికి ఆక్సిజన్ చాలకపోవడం వల్లే ఇలా జరుగుతుందని అప్పటి అభిప్రాయం. తర్వాతి పరిశోధనలు దాన్ని సడలించాయి. ఆక్సిజన్ సరిపడా ఉన్నా కండరం లాక్టేట్ తయారు చేస్తుందని తేలింది. ఇంకో చిక్కు కూడా ఉంది. మెకార్డిల్ వ్యాధి ఉన్నవారి కండరాలు తమలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను విరగ్గొట్టలేవు, కాబట్టి వాళ్ల రక్తంలో లాక్టేట్ పెరగదు. అయినా శ్రమ ఎక్కువైనప్పుడు వాళ్లకూ ఊపిరి హఠాత్తుగా పెరుగుతుందని 1982లో గమనించారు. అంటే ఆమ్లం ఒక్కటే కారణం కాదు. మెదడు కండరానికి పంపే ఆజ్ఞలు, కండరం నుంచి తిరిగొచ్చే నరాల సంకేతాలు కూడా శ్వాసను తరుముతాయి.

మన రన్నర్ 14 దాటాక రెండో మలుపు వస్తుంది. బైకార్బనేట్ ఇక ఆమ్లాన్ని పూర్తిగా మోయలేదు. మెడలో కెరోటిడ్ ధమని దగ్గరున్న చిన్న గ్రాహకాలు రక్తం ఆమ్లమవుతోందని పసిగట్టి శ్వాసను ఇంకా పెంచమంటాయి. ఇప్పుడు గాలి కార్బన్ డయాక్సైడ్ లెక్కను కూడా దాటిపోతుంది. 16 కిలోమీటర్ల వేగంలో ఆక్సిజన్ 3.4 లీటర్లయితే గాలి 122 లీటర్లు. ఇక ఎక్కువసేపు పరుగెత్తలేడు. 17 దగ్గర ఆక్సిజన్ 3.6 లీటర్లకు చేరింది. 18కి పెంచినా అంతే, పెరగలేదు. ఈ పైకప్పు పేరే వీఓ2 మ్యాక్స్. శరీర బరువుతో భాగిస్తే ఇతనికి కిలోకు నిమిషానికి 60 మిల్లీలీటర్లు. సాధన లేని యువకుల్లో ఇది సాధారణంగా 40 దగ్గర ఉంటుంది. దూర పరుగులు, మంచు మీద స్కీయింగ్ చేసే ప్రపంచస్థాయి క్రీడాకారుల్లో 80 కూడా దాటుతుంది.

ఈ పైకప్పు వేసేది ఎవరు? చాలామందిలో ఊపిరితిత్తులు కావు, గుండె. నిమిషానికి గుండె ఎంత రక్తం పంపగలదు, ఆ రక్తం ఎంత ఆక్సిజన్ మోయగలదు అన్నదే ఇక్కడ హద్దు. సాధనతో గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం బాగా పెరుగుతుంది. ఊపిరితిత్తులు మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటాయి.

అసలు విచిత్రం ఇక్కడే. అందరికంటే మేటి క్రీడాకారుల్లోనే ఊపిరితిత్తులు వెనకబడతాయి. విశ్రాంతిలో ఎర్ర రక్తకణం ఊపిరితిత్తి కేశనాళికలో ముప్పావు సెకను ఉంటుంది. ఆక్సిజన్ నింపుకోవడానికి దానికి పావు సెకను చాలు. గుండె మరీ బలంగా రక్తాన్ని తోసినప్పుడు ఆ వ్యవధి తరిగిపోతుంది. ప్రయాణికులందరూ ఎక్కకముందే బస్సు కదిలిపోయినట్టు, కొన్ని కణాలు సగం నిండి వెళ్లిపోతాయి. 1984లో డెంప్సీ బృందం మేటి రన్నర్లలో కొందరికి గట్టి పరుగులో ధమని రక్తంలోనే ఆక్సిజన్ పడిపోతున్నట్టు చూపించింది. 1989లో పవర్స్ బృందం ఇంకో పరీక్ష చేసింది. మామూలు గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. దానికి బదులు 26 శాతం ఉన్న గాలి ఇస్తే మేటి క్రీడాకారుల వీఓ2 మ్యాక్స్ సుమారు 70 నుంచి 75కి పెరిగింది. వాళ్లకంటే తక్కువ స్థాయి వాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఊపిరితిత్తులు హద్దుగా నిలిచింది మొదటి బృందానికే.

ఊపిరి పీల్చడానికీ ఖర్చు ఉంటుంది. గరిష్ఠ శ్రమలో డయాఫ్రమ్, పక్కటెముకల కండరాలు గుండె పంపే రక్తంలో 14 నుంచి 16 శాతం దాకా తీసుకుంటాయి. 1990లలో హార్మ్స్, డెంప్సీ సైక్లిస్టులకు శ్వాస తీయడంలో యంత్రంతో సాయం చేసి చూశారు. కాళ్లకు వెళ్లే రక్తం పెరిగింది. అంటే చివరి నిమిషాల్లో ఊపిరీ కాళ్లూ ఒకే రక్తం కోసం పోటీపడుతున్నాయి.

ల్యాబుకు వెళ్లకుండానే మీ మొదటి మలుపును ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు. నడుస్తూనో పరుగెత్తుతూనో పక్కవారితో మాట్లాడండి. పూర్తి వాక్యాలు హాయిగా వస్తుంటే మలుపుకు కిందనే ఉన్నారు. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే దాన్ని చేరినట్టే. రెండు మూడు మాటలు కూడా కష్టమైతే రెండో మలుపు దగ్గర పడింది. కొన్ని నెలలు సాధన చేశాక అదే వేగంలో మాట తేలిగ్గా వస్తోందంటే మీ మలుపు ముందుకు జరిగింది. అయితే మెట్లెక్కినా ఎన్నడూ లేనంత ఆయాసం వస్తున్నా, ఆయాసంతో పాటు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా సాధన తగ్గిందని సరిపెట్టుకోకండి, డాక్టర్‌కు చూపించుకోండి.