‘సో డూ ఐ’లో ఆ ‘డూ’ ఎక్కడిది?

ఎదుటివాళ్లు చెప్పిన మాట మనకూ వర్తిస్తుందని చెప్పడానికి తెలుగులో ఒక్క దీర్ఘం చాలు. ‘నాకు రాత్రి నిద్ర పట్టలేదు’ అని ఎవరైనా అంటే ‘నాకూ’ అంటాం. ‘నేను ఆ సినిమా చూశాను’ అంటే ‘నేనూ’. ‘నన్ను పెళ్లికి పిలవలేదు’ అంటే ‘నన్నూ’. ఎదుటివాళ్ల వాక్యంలోంచి మనం పట్టుకునేది ‘నేను, నాకు, నన్ను’ అన్న ముక్కనే. క్రియ జోలికి వెళ్లం. పట్టినా పట్టకపోయినా, పిలిచినా పిలవకపోయినా ఆ దీర్ఘం మారదు.

ఇంగ్లీషువాళ్లు సరిగ్గా క్రియనే పట్టుకుంటారు. ‘ఐ యామ్ టైర్డ్’ అంటే ‘సో యామ్ ఐ’, ‘ఐ కెన్ స్విమ్’ అంటే ‘సో కెన్ ఐ’. మొదటి వాక్యంలో ఉన్న సహాయక క్రియను తీసుకుని ‘సో’ పక్కన పెట్టి, మనల్ని చివర పెడతారు. కొత్త సంగతి ‘నేను’ కాబట్టి అది చివరికి పోతుంది. పలికేటప్పుడు బరువు కూడా ఆ ‘ఐ’ మీదే పడాలి. మనవాళ్లు చాలామంది ‘డూ’ని ఒత్తి పలుకుతారు. వాక్యం తప్పు కాకపోయినా వినేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది.

ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కు ‘ఐ లైక్ టీ’ దగ్గర మొదలవుతుంది. అందులో సహాయక క్రియ కనబడదు. మరి ‘సో డూ ఐ’లో ‘డూ’ ఎక్కడినుంచి ఊడిపడింది? అది వాక్యంలో ఉంది, దాక్కుని ఉంది. ఆ వాక్యాన్నే ప్రశ్నగా మార్చి చూడండి: ‘డూ యూ లైక్ టీ?’ బయటికొచ్చేసింది. ‘షి లైక్స్ టీ’ని అడిగితే ‘డజ్ షి లైక్ టీ?’, ‘దే కేమ్ లేట్’ని అడిగితే ‘డిడ్ దే కమ్ లేట్?’. నా దృష్టిలో బట్టీ పట్టే పట్టికలన్నిటికంటే ఈ పరీక్ష నయం. ఎదుటివాళ్ల మాటను అవునా కాదా అని అడిగే ప్రశ్నగా మనసులో తిప్పుకోండి. ఆ ప్రశ్నలో మొదట వచ్చిన మాటే మీ జవాబులో రావాలి. కాలం ఎదుటివాళ్లది, కర్త మీది. అందుకే ‘షి లైక్స్ టీ’కి మీ జవాబు ‘సో డజ్ ఐ’ కాదు, ‘సో డూ ఐ’. అదే మాట మీ చెల్లెలి గురించి చెప్పాలంటే ‘సో డజ్ మై సిస్టర్’.

ఈ పరీక్ష నిజంగా పనికొచ్చేది ‘హ్యావ్’ దగ్గర. ఆ మాట ఒకచోట సహాయక క్రియ, ఇంకోచోట అసలు క్రియ. ఆఫీసులో మధ్యాహ్నం పక్క సీటాయన భోజనం మాట ఎత్తాడనుకోండి. ‘ఐ హ్యావ్ లంచ్ ఎట్ వన్’ అన్నాడు, అంటే రోజూ ఒంటిగంటకు తింటాడు. ప్రశ్నగా తిప్పితే ‘డూ యూ హ్యావ్ లంచ్ ఎట్ వన్?’ కాబట్టి జవాబు ‘సో డూ ఐ’. ఇక్కడ ‘హ్యావ్’ అంటే తినడమే. ‘ఐ హ్యావ్ హ్యాడ్ లంచ్’ అంటే తినేశానని. ప్రశ్న ‘హ్యావ్ యూ హ్యాడ్ లంచ్?’, జవాబు ‘సో హ్యావ్ ఐ’. రెండు మాటలున్నా సహాయక క్రియ మొదటిదే, తిండి రెండోది. ‘ఐ హ్యాడ్ లంచ్ ఎర్లీ’ అంటే మాత్రం ‘సో హ్యాడ్ ఐ’ అనకూడదు. అక్కడ ‘హ్యాడ్’ అసలు క్రియ కాబట్టి ‘సో డిడ్ ఐ’. ‘ఐ హ్యావ్ టు స్కిప్ లంచ్’ అంటే మానేయక తప్పదని. దానికీ ‘సో డూ ఐ’ అనే చెప్పాలి. ఇక ‘ఐ హ్యావెంట్ హ్యాడ్ లంచ్ యెట్’ అంటే, మీరూ తినకపోతే, ‘నైదర్ హ్యావ్ ఐ’.

ఒక్క మినహాయింపు ఉంది. ‘ఐ హ్యావ్ ఎ కార్’ లాంటి వాక్యానికి ‘సో హ్యావ్ ఐ’ అనడం పాతకాలపు బ్రిటిష్ ఇంగ్లీషులో మామూలే. పాత నవలల్లో కనబడితే కంగారు పడనక్కర్లేదు. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ‘సో డూ ఐ’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

చెవిని మోసం చేసేవి కుదించిన రూపాలు. ‘ఐడ్ లవ్ టు కమ్’లో వినబడే ‘డ్’ నిజానికి ‘వుడ్’, కాబట్టి ‘సో వుడ్ ఐ’. ‘ఐడ్ సీన్ ఇట్ బిఫోర్’లో అదే ‘డ్’ ‘హ్యాడ్’ అవుతుంది, జవాబు ‘సో హ్యాడ్ ఐ’. ఏది ఏదో తెలియాలంటే ఆ వెనక వచ్చే మాట వినాలి. ‘లవ్’ లాగా క్రియ మామూలు రూపంలో ఉంటే ‘వుడ్’, ‘సీన్’ లాగా పని అయిపోయిందని చెప్పే రూపంలో ఉంటే ‘హ్యాడ్’.

ఇప్పుడు ‘లేదు’ సంగతి. మన దీర్ఘానికి అవును, కాదు అన్న తేడా లేదని చెప్పుకున్నాం. ఆ అలవాటుతోనే ‘ఐ డోంట్ ఈట్ మీట్’ అన్నవాళ్లకు మనం ‘మీ టూ’ అనేస్తాం. జాగ్రత్తగా మాట్లాడే ఇంగ్లీషులో ఇది కుదరదు. ‘టూ’, ‘సో’ రెండూ అవునన్న వాక్యానికే. కాదన్న వాక్యానికి ‘నైదర్ డూ ఐ’ లేదా ‘నార్ డూ ఐ’. ‘నైదర్’ని ‘నీదర్’ అని పలికినా సరే. కాదన్న అర్థం ‘నైదర్’లోనే ఉంది కాబట్టి ఇంకో ‘నాట్’ చేర్చకూడదు. ‘నైదర్ డోంట్ ఐ’ అన్నది లేదు.

వాక్యంలో ‘నాట్’ లేకపోయినా కాదన్న అర్థం ఉండవచ్చు. ‘ఐ నెవర్ ట్రావెల్ బై నైట్’ అంటే జవాబు ‘నైదర్ డూ ఐ’. ‘ఐ హార్డ్లీ నో హిమ్’ అన్నా అంతే. ‘నోబడీ టోల్డ్ హర్’ అన్నప్పుడు మీరూ చెప్పలేదంటే ‘నైదర్ డిడ్ ఐ’. ఎదుటివాళ్లు చెప్పింది మీకు వర్తించకపోతే పని ఇంకా తేలిక. తిరగేయడం ఉండదు, ‘సో’ ఉండదు. ‘ఐ లైక్ కాఫీ’ అంటే ‘ఐ డోంట్’, ‘ఐ హ్యావెంట్ సీన్ ఇట్’ అంటే ‘ఐ హ్యావ్’. సహాయక క్రియ మాత్రం అదే.

మాటల వరస మారితే అర్థమే మారిపోయే చోటు ఒకటుంది. ‘యూ హ్యావ్ స్పిల్డ్ యువర్ కాఫీ’ అన్నారు, మీ కాఫీ ఒలికిందని. చూసుకుని ‘సో ఐ హ్యావ్!’ అంటే ‘అరె, నిజమే, ఒలికిందే’ అని. అదే ‘సో హ్యావ్ ఐ’ అంటే ‘నేనూ ఒలకబోశాను’ అనే వేరే సంగతి. బయటికి చూసి ‘ఇట్స్ రైనింగ్’ అని ఎవరన్నా అంటే ‘సో ఇట్ ఈజ్’ అనేదీ ఈ కోవదే. కర్త ముందుంటే అప్పుడే గమనించి ఒప్పుకోవడం, చివరుంటే ‘నేనూ’ అని జత కలవడం.

గబుక్కున సహాయక క్రియ తట్టకపోతే ‘సేమ్ హియర్’ అనండి, రెండు రకాల వాక్యాలకూ సరిపోతుంది. కాదన్న మాటకు ‘మీ నైదర్’ కూడా రోజువారీ సంభాషణలో మామూలే. ఇంటర్వ్యూలోనో ఉత్తరంలోనో అయితే పూర్తి రూపం వాడండి. ‘డోంట్’ అన్నవాళ్లకు ‘మీ టూ’ అనడం మాత్రం మానేయండి.